భేదాల పట్టిక నుంచి మొత్తం సూత్రం దాకా: అవరోహణ లబ్ధాలతో లెక్క చేసే పద్ధతి

"x² ని అవకలనం చేస్తే 2x వస్తుంది కదా, మరి n² అనుక్రమంలో పక్కపక్క పదాల తేడా తీస్తే 2n+1 వస్తోంది, ఆ 1 ఎక్కడిది?" అని చాలామంది అడుగుతున్నారు. దాని వెనకే ఇంకో ప్రశ్న: "భేదాల పట్టిక వేయడం వచ్చు, కానీ దాంట్లోంచి సూత్రం ఎలా లాగాలి, మొత్తం ఎలా కట్టాలి?" రెండిటికీ జవాబు ఒకచోటే ఉంది కాబట్టి ఒకే ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. పక్కన కాగితం పెట్టుకుని మీరూ వేస్తూ చదవండి, ఊరికే చదివితే ఇది చేతికి రాదు.

## 1. మొదలుపెట్టే ముందు

కావలసినవి తక్కువే:

- బహుపదులను గుణించడం, ఉమ్మడి కారణాంకం బయటికి తీయడం
- క్రమగుణితం అంటే తెలియడం (3! = 6, 4! = 24)
- అనుక్రమంలో కనీసం ఐదారు పదాలు, వరుస తప్పకుండా
- లెక్కింపు 0 నుంచి మొదలవుతుందా, 1 నుంచా అన్నది ముందే తేల్చుకోవడం

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఈ లెక్కల్లో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి. ఇక్కడ అన్నీ n = 0 నుంచే మొదలుపెడుతున్నాను.

గుర్తులు రెండు. భేదం అంటే తర్వాతి పదంలోంచి ఇప్పటి పదాన్ని తీసేయడం:

```
Δf(n) = f(n+1) − f(n)
```

రెండోది అవరోహణ లబ్ధం. n దగ్గర మొదలై ఒక్కొక్కటి తగ్గుతూ మొత్తం k కారణాంకాలు. పుస్తకాల్లో ఘాతం కింద గీత గీసి రాస్తారు, టైపు చేయడానికి కష్టం కాబట్టి నేను చదరపు బ్రాకెట్ వాడతాను:

```
n^[0] = 1
n^[1] = n
n^[2] = n(n−1)
n^[3] = n(n−1)(n−2)
n^[k] = n(n−1)(n−2)…(n−k+1)
```

చివరి కారణాంకం n−k+1, n−k కాదు. k కారణాంకాలు ఉన్నాయో లేదో వేళ్ల మీద లెక్కపెట్టుకోండి, సిగ్గేమీ లేదు.

## 2. మామూలు ఘాతం ఎందుకు మొండికేస్తుంది

n³ కి భేదం తీసి చూడండి. (n+1)³ − n³ = 3n² + 3n + 1. మనకు కావలసిన 3n² వచ్చింది కానీ వెంట 3n + 1 కూడా వచ్చింది. అవకలనంలో అడుగు పరిమాణాన్ని సున్నా వైపు తీసుకెళ్తాం కాబట్టి ఆ చిల్లర పదాలు కరిగిపోతాయి. ఇక్కడ అడుగు 1 దగ్గరే ఆగిపోయింది, దాన్ని తగ్గించే వీలు లేదు, కాబట్టి చిల్లర అంతా మిగిలిపోతుంది.

ఘాతం పెరిగేకొద్దీ ఆ చిల్లర కూడా పెరుగుతుంది. అందుకని n³ ని సరిచేయాలని చూడటం దండగ. ఒక కారణాంకం తగ్గిన తన సొంత రూపాన్నే భేదంగా ఇచ్చే వేరే లబ్ధాన్ని వెతుక్కోవడం మేలు.

## 3. అవరోహణ లబ్ధం ఘాత నియమాన్ని ఎలా పాటిస్తుంది

k = 3 తో చేద్దాం. n బదులు n+1 పెడితే n^[3] ఇలా మారుతుంది:

```
(n+1)^[3] = (n+1) · n · (n−1)
  n^[3]   =         n · (n−1) · (n−2)
```

రెండు వరుసలనూ ఒకదాని కింద ఒకటి చూడండి. మధ్యలో n(n−1) రెండిటిలోనూ ఉంది. పైవరుసలో దానికి ముందు n+1 చేరింది, కింది వరుసలో దాని చివర n−2 ఉంది, అంతే తేడా. ఉమ్మడి కారణాంకం బయటికి తీస్తే:

```
Δ n^[3] = n(n−1) · [(n+1) − (n−2)]
        = n(n−1) · 3
        = 3 n^[2]
```

చిల్లర ఏదీ మిగల్లేదు. బ్రాకెట్‌లో n లు కొట్టేసుకుపోయి 3 మాత్రమే మిగలడమే ఇక్కడ అసలు సంగతి. సాధారణంగా k కి చేస్తే బ్రాకెట్‌లో (n+1) − (n−k+1) వస్తుంది, అది k. అంటే

```
Δ n^[k] = k n^[k−1]
```

x^k కి అవకలనం k x^(k−1) ఎలాగో ఇది అలాగే. ఇది ఉజ్జాయింపు కూడా కాదు, ప్రతి n కీ కచ్చితంగా నిజం.

ఇక్కడ కొందరికి ఒక టెన్షన్: "n = 1 అయితే n^[3] = 1·0·(−1) = 0 కదా, సూత్రం పనిచేస్తుందా?" పనిచేస్తుంది. n^[3] విలువ n = 0, 1, 2 దగ్గర సున్నా, n = 3 దగ్గర 6. కాబట్టి n = 2 దగ్గర భేదం 6 − 0 = 6, సూత్రం ప్రకారం 3·2·1 = 6. నిజానికి మొదట్లో ఇన్ని సున్నాలు ఉండటమే మనకు బాగా పనికొచ్చే గుణం, 5వ మెట్టులో చూస్తారు.

## 4. పట్టిక వేయడం

మన ఉదాహరణ ఇది: 5, 4, 9, 32, 85, 180, 329. ఎక్కడి నుంచి వచ్చిందో మర్చిపోండి, పదాలు మాత్రమే తెలుసు అనుకుందాం.

పక్కపక్క పదాల తేడా తీయండి, ఎప్పుడూ కుడిదానిలోంచి ఎడమదాన్ని. వచ్చిన వరుసకి మళ్లీ అదే చేయండి. ఒక వరుసలో అన్నీ ఒకటే సంఖ్య వచ్చేదాకా ఆపకండి.

```
f  :   5    4    9   32   85  180  329
Δ  :  −1    5   23   53   95  149
Δ² :   6   18   30   42   54
Δ³ :  12   12   12   12
```

మూడో వరుస స్థిరంగా ఉంది కాబట్టి ఈ పదాలన్నిటి గుండా మూడో పరిమాణం బహుపది పోతుంది. ఇక మనకు కావలసింది ఎడమ అంచు మాత్రమే: 5, −1, 6, 12.

మొదటి భేదంలో ఋణ గుర్తు వదిలేసి 1 అని రాసే వాళ్లు ఎక్కువ. పదాలు 5 నుంచి 4 కి తగ్గాయి, కాబట్టి భేదం −1. అనుక్రమం తగ్గే ప్రతిచోటా ఒకసారి ఆగి చూసుకోండి.

## 5. ఎడమ అంచు నుంచి సూత్రం

మన f(n) ఇలా రాయగలం అనుకుందాం:

```
f(n) = a + b n^[1] + c n^[2] + d n^[3]
```

n = 0 పెట్టండి. n^[1], n^[2], n^[3] అన్నీ సున్నా, కాబట్టి a = f(0) = 5. ఇప్పుడు మొత్తానికి ఒకసారి Δ వేయండి, ఘాత నియమం ప్రకారం b + 2c n^[1] + 3d n^[2] వస్తుంది. మళ్లీ n = 0 పెడితే b మాత్రమే మిగులుతుంది, పట్టికలో అది −1. ఇంకోసారి Δ వేస్తే 2c + 6d n^[1], n = 0 దగ్గర 2c = 6, అంటే c = 3. మరోసారి వేస్తే 6d = 12, d = 2.

చూశారా, ప్రతి మెట్టులోనూ మిగతా పదాలు వాటంతట అవే తప్పుకుంటున్నాయి. సమీకరణాల గుంపు పెట్టి సాధించనవసరం లేదు. ఎడమ అంచులోని k-వ సంఖ్యని k! తో భాగిస్తే గుణకం వచ్చేస్తుంది:

```
5/0! = 5,   −1/1! = −1,   6/2! = 3,   12/3! = 2

f(n) = 5 − n^[1] + 3 n^[2] + 2 n^[3]
```

దీన్నే న్యూటన్ ఫార్వర్డ్ సూత్రం అంటారు. టేలర్ విస్తరణ తెలిసినవాళ్లకి ఆకారం ఎక్కడో చూసినట్టే ఉంటుంది, ఎందుకంటే అక్కడా అవకలనాలను k! తోనే భాగిస్తాం.

వెంటనే ఒక పరీక్ష చేయండి. n = 4: 5 − 4 + 3·12 + 2·24 = 5 − 4 + 36 + 48 = 85. పట్టికలోని పదంతో సరిపోయింది. k! తో భాగించడం మర్చిపోతే ఇక్కడే దొరికిపోతారు: 5 − 4 + 6·12 + 12·24 = 361 వస్తుంది. పరీక్షకు n = 0 గానీ 1 గానీ వాడకండి, అక్కడ తప్పు సూత్రం కూడా సరైన జవాబే ఇస్తుంది. కనీసం n = 3 తీసుకోండి.

మామూలు రూపం కావాలంటే గుణించి విప్పండి, 2n³ − 3n² + 5 వస్తుంది. కానీ మొత్తం కట్టాలనుకుంటే ఇప్పుడే విప్పకండి, అవరోహణ రూపంలోనే ఉంచండి.

## 6. పట్టిక లేకుండా, సూత్రం మాత్రమే ఉంటే

2n³ − 3n² + 5 అని ముందే ఇచ్చారనుకోండి. పదాలు లెక్కగట్టి పట్టిక వేయవచ్చు, కానీ సింథటిక్ డివిజన్ ఇంకా త్వరగా అయిపోతుంది. గుణకాలు 2, −3, 0, 5 తీసుకుని వరుసగా n, n−1, n−2 లతో భాగించాలి. ప్రతిసారీ శేషాన్ని పక్కన రాసుకుని, భాగఫలాన్ని తర్వాతి మెట్టుకి పంపాలి.

```
n   తో :  2  −3   0 | 5
n−1 తో :  2  −1     | −1
n−2 తో :  2         | 3
మిగిలింది: 2
```

రెండో వరుసని దగ్గరగా చూద్దాం. పైనుంచి వచ్చిన భాగఫలం 2, −3, 0. మొదటి 2 ని దించండి. 2ని 1తో గుణించి −3కి కలిపితే −1. ఆ −1ని 1తో గుణించి 0కి కలిపితే −1, అదే శేషం. మూడో వరుసలో 2ని 2తో గుణించి −1కి కలిపితే 3.

గీతకి కుడివైపు సంఖ్యలు పైనుంచి కిందికి, చివర మిగిలింది: 5, −1, 3, 2. ముందు పట్టికలోంచి వచ్చిన గుణకాలే. ఇక్కడ k! తో భాగించే పని లేదు, ఇవి నేరుగా గుణకాలే. రెండు పద్ధతులను కలిపేసి ఇక్కడ కూడా భాగించేస్తే జవాబు పోతుంది.

ఇంకో జాగ్రత్త: లేని పదానికి 0 రాయాలి. మన బహుపదిలో n పదం లేదు, ఆ 0 వదిలేసి 2, −3, 5 అని మొదలుపెడితే మీరు చేస్తున్నది వేరే బహుపది.

## 7. మొత్తం కట్టడం

అవకలనానికి తిరగబడి సమాకలనం ఉన్నట్టే భేదానికి తిరగబడి మొత్తం ఉంది. Δ F = f అయితే, f పదాలను వరసగా కూడేటప్పుడు మధ్యవన్నీ కొట్టేసుకుపోయి చివర్లు రెండే మిగులుతాయి:

```
f(0) + f(1) + … + f(N−1) = F(N) − F(0)
```

కుడివైపు N ఉంది, ఎడమవైపు చివరి పదం N−1 దగ్గరే ఆగింది. ఈ ఒక్క విషయం గోడ మీద రాసి పెట్టుకోవచ్చు. N-వ పదం దాకా కావాలంటే F(N+1) వేయాలి.

ఘాత నియమాన్ని తిప్పితే n^[k] కి F అంటే n^[k+1]/(k+1). మన f కి ఒక్కో పదం మార్చుకుంటూ పోదాం:

```
F(N) = 5N − N^[2]/2 + N^[3] + N^[4]/2
```

F(0) = 0, కాబట్టి తీసేయాల్సింది ఏమీ లేదు. చిన్న సంఖ్యతో పరీక్ష: N = 5 అయితే 25 − 10 + 60 + 60 = 135. నేరుగా కూడితే 5 + 4 + 9 + 32 + 85 = 135. సరే.

ఇప్పుడు n = 0 నుంచి 100 దాకా కూడదాం. మొత్తం 101 పదాలు, N = 101:

```
5N       =        505
N^[2]/2  =  101·100/2         =       5050
N^[3]    =  101·100·99        =     999900
N^[4]/2  =  999900·98/2       =   48995100

505 − 5050 + 999900 + 48995100 = 49990455
```

ఒక లబ్ధం నుంచి తర్వాతిదానికి ఒక్క గుణకారం చాలు, అందుకే 999900 ని మళ్లీ వాడుకున్నాం. ఘనాల మొత్తం, వర్గాల మొత్తం సూత్రాలు విడివిడిగా గుర్తున్నవాళ్లు 2·25502500 − 3·338350 + 505 వేసి సరిచూసుకోండి, ఇదే వస్తుంది. నా మటుకు నేను ఆ సూత్రాలు గుర్తుపెట్టుకోవడం మానేశాను, నాలుగో ఘాతం దాటాక అవి ఎవరికీ గుర్తుండవు.

## 8. పట్టిక స్థిరపడకపోతే: ఒక్క పదం తప్పు పట్టుకోవడం

32 బదులు 23 అని ఎక్కించారనుకోండి, అంకెలు తారుమారు కావడం మామూలే. పట్టిక ఇలా తయారవుతుంది:

```
f  :   5    4    9   23   85  180  329
Δ  :  −1    5   14   62   95  149
Δ² :   6    9   48   33   54
Δ³ :   3   39  −15   21
```

చూడగానే "ఇది బహుపది కాదు" అని వదిలేయాలనిపిస్తుంది. ఆగండి. ఒక్క పదంలో e అంత తప్పు ఉంటే అది మూడో భేదాల్లోకి e, −3e, 3e, −e అని పరుచుకుంటుంది, అంటే గుర్తులు మారుతూ వచ్చే ద్విపద గుణకాలు. ఆ నాలుగూ కలిపితే సున్నా. కాబట్టి మూడో వరుస సగటు తీస్తే తప్పు మాయమై అసలు స్థిరాంకం బయటపడుతుంది: (3 + 39 − 15 + 21)/4 = 48/4 = 12.

ఇప్పుడు ప్రతిదానిలోంచి 12 తీసేయండి: −9, 27, −27, 9. ఇది −9 × (1, −3, 3, −1). అంటే e = −9, ఏదో పదం ఉండాల్సినదానికన్నా 9 తక్కువ ఉంది. ఏ పదం? మూడో వరుసలో తప్పు మొదలైన చోటికి 3 కలపండి. ఇక్కడ అది 0-వ స్థానంలోనే మొదలైంది కాబట్టి f(3). 23 కి 9 కలిపితే 32.

సగటు ఉపాయం పనిచేయాలంటే తప్పు తాలూకు నాలుగు ముక్కలూ వరుసలో పట్టాలి. తప్పు పదం మొదట్లోనో చివర్లోనో ఉంటే కొన్ని ముక్కలు బయటికి పోతాయి, సగటు పక్కదారి పడుతుంది. అప్పుడు ఇంకొన్ని పదాలు తెచ్చుకోవడమే మార్గం. కొలతల్లోంచి వచ్చిన సంఖ్యలైతే ప్రతి పదంలోనూ కొంచెం తేడా ఉంటుంది, భేదాలు దాన్ని ప్రతి వరుసలోనూ పెంచుతాయి, అక్కడ ఈ పద్ధతిని నమ్మకండి.

## 9. పట్టిక తొందరగా స్థిరపడిందని నమ్మేయకండి

1, 2, 4, 8, 16 ఇచ్చి తర్వాతిది అడిగితే అందరూ 32 అంటారు. పట్టిక వేస్తే ఎడమ అంచు 1, 1, 1, 1, 1. ఐదు పదాలే ఉన్నాయి కాబట్టి నాలుగో వరుసలో ఒకే ఒక్క సంఖ్య ఉంటుంది. దాన్నే స్థిరం అనుకుని ముందుకెళ్తే తర్వాతి పదం 31 వస్తుంది.

విచిత్రమేమిటంటే ఆ 31 కూడా తప్పు కాకపోవచ్చు. వృత్తం మీద బిందువులు పెట్టి అన్నిటినీ గీతలతో కలిపితే, లోపల మూడు గీతలు ఒకేచోట కలవకుండా చూసుకుంటే, ఏర్పడే భాగాలు 1, 2, 4, 8, 16, 31. అదే 2^n అయితే Δ 2^n = 2^n, ఎన్ని వరుసలు వేసినా అదే అనుక్రమం తిరిగి వస్తుంది, ఎప్పటికీ స్థిరపడదు. e^x పాత్ర ఇక్కడ 2^n ది.

చివరి వరుసలో ఒకే సంఖ్య ఉంటే అది ఏమీ చెప్పదు. కనీసం మూడు నాలుగు సమానంగా ఉండాలి. అప్పుడు కూడా ఇచ్చిన పదాలకి సరిపోయిందనే అనగలం, అనుక్రమం మొత్తం అలాగే నడుస్తుందనడానికి వేరే కారణం కావాలి.

## 10. తరచుగా దొర్లేవి, సరిచేసే తీరు

- n^[2] · n^[3] = n^[5] అని రాయడం. కాదు. ఎక్కడ ఆగామో అక్కడి నుంచి దిగాలి: n^[2] · (n−2)^[3] = n^[5].
- (2n)^[2] ని 4n^[2] అనుకోవడం. (2n)^[2] = 2n(2n−1), 4n^[2] = 4n(n−1). n = 1 పెట్టి చూస్తే ఒకటి 2, ఇంకోటి 0.
- అనుక్రమం 1 నుంచి మొదలైతే. పట్టిక మామూలుగానే వేయండి, సూత్రం వచ్చాక n ఉన్నచోటల్లా n−1 పెట్టండి.
- అడుగు 1 కాకపోతే. x = 0, 0.5, 1, 1.5 దగ్గర విలువలుంటే వాటికి 0, 1, 2, 3 అని నంబర్లు ఇచ్చి పనిచేసి, చివర్లో n = x/0.5 పెట్టండి. అడుగులు అసమానంగా ఉంటే ఈ పట్టిక పనికిరాదు.

## 11. ఋణ ఘాతాలు కావాలంటే

n^[3] నుంచి n^[2] కి రావడానికి n−2 తో భాగించాం, n^[1] కి రావడానికి n−1 తో, n^[0] కి రావడానికి n తో. అదే వరుసలో దిగితే తర్వాత n+1 తో, n+2 తో భాగించాలి:

```
n^[−1] = 1/(n+1)
n^[−2] = 1/((n+1)(n+2))
n^[−3] = 1/((n+1)(n+2)(n+3))
```

ఘాత నియమం ఇక్కడా చెక్కుచెదరదు. Δ n^[−1] = 1/(n+2) − 1/(n+1) = −1/((n+1)(n+2)), అంటే −n^[−2].

దీంతో 1/(1·2·3) + 1/(2·3·4) + 1/(3·4·5) + … రెండు వరుసల్లో అయిపోతుంది. పదం n^[−3], దానికి F అంటే n^[−2]/(−2). మొదటి N పదాల మొత్తం

```
F(N) − F(0) = 1/4 − 1/(2(N+1)(N+2))
```

ఈసారి F(0) సున్నా కాదు, −1/4. దాన్ని తీసేయడం మర్చిపోతే ధన పదాల మొత్తం ఋణంగా వస్తుంది, అది చూసి పసిగట్టొచ్చు. N = 2 తో పరీక్ష: 1/6 + 1/24 = 5/24, సూత్రం 1/4 − 1/24 = 5/24. N పెరిగేకొద్దీ మొత్తం 1/4 వైపు వెళ్తుంది.

ఒక్క n^[−1] దగ్గర మాత్రం దారి మూసుకుపోతుంది, ఎందుకంటే k+1 = 0 తో భాగించాలి. 1/x సమాకలనంలో ఘాత నియమం ఆగిపోయి లాగరిథం వచ్చే చోటే ఇదీ. ఇక్కడ దాని స్థానంలో వచ్చేది 1 + 1/2 + 1/3 + … + 1/N అనే మొత్తమే, దాన్ని అవరోహణ లబ్ధాలతో ఇంతకన్నా కుదించలేం.